స్కోరు తర్వాత రాసే నాలుగు వాక్యాలు

2019 అక్టోబర్ 25, శుక్రవారం రాత్రి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్ నగరంలో వాన కురుస్తోంది. సెయింట్ మేరీస్ స్టేడియంలో సొంత జట్టు ఆట చూడటానికి వచ్చిన వేలమంది ముందు, పన్నెండో నిమిషంలోనే సౌతాంప్టన్ ఆటగాడొకరు ఎర్రకార్డు అందుకుని బయటికి వెళ్లిపోయాడు. విరామానికి స్కోరు 0–5. ఆట ముగిసేసరికి 0–9. లెస్టర్ సిటీ తరఫున ఆయోజె పెరెజ్, జేమీ వార్డీ చెరి మూడు గోల్స్ కొట్టారు. 1888లో మొదలైన ఇంగ్లిష్ లీగు మొదటి శ్రేణిలో, బయటి ఊరి నుంచి వచ్చిన జట్టు ఇంత తేడాతో గెలవడం అంతకుముందు ఎన్నడూ లేదు. చాలామంది అభిమానులు ఆట సగంలోనే లేచి వాన్లో తడుస్తూ ఇళ్లకు వెళ్లిపోయారు.

అలాంటి రాత్రి తర్వాత ఒక క్లబ్బు తన ఊరి జనానికి ఏమని రాయాలి? రెండు మూడు రోజుల్లో సౌతాంప్టన్ క్లబ్బు ఒక చిన్న ప్రకటన ఇచ్చింది. అందులో చెప్పిన విషయాలు ఇవి. ఆటగాళ్లు, శిక్షకులు శని, ఆదివారాలు కూడా శిక్షణ కేంద్రంలోనే ఉండి అభిమానుల కోసం పరిస్థితిని చక్కదిద్దే పనిలో ఉన్నారు. మొదటి అడుగుగా, ఆ మ్యాచ్ రోజు తమకు రావాల్సిన వేతనాన్ని క్లబ్బుకు చెందిన సేవాసంస్థ సెయింట్స్ ఫౌండేషన్‌కు ఇవ్వాలని వాళ్లే నిర్ణయించుకున్నారు. ఆ సంస్థ ఆ నగరంలోనే పనిచేస్తుంది. ఇక మంగళవారం మాంచెస్టర్ సిటీతో కప్పు మ్యాచ్ ఉంది, శనివారం అదే జట్టుతో లీగు మ్యాచ్ ఉంది, వాటికి సిద్ధమవుతున్నారు. ప్రకటన అంతటితో అయిపోయింది.

అందులో లేనివాటిని కూడా గమనించాలి. వాన మాట లేదు. దాదాపు ఎనభై నిమిషాలు పదిమందితోనే ఆడాల్సి వచ్చిందన్న మాట లేదు. రెండూ నిజాలే, ఎవరూ కాదనలేని సాకులే. అయినా వాడుకోలేదు. ఓటమిని పెద్ద పెద్ద మాటలతో కప్పలేదు, గుండెలు బాదుకోనూ లేదు. ఏం చేస్తున్నారో చెప్పారు, ఏం ఇస్తున్నారో చెప్పారు, మళ్లీ ఎప్పుడు మైదానంలోకి వస్తారో చెప్పారు.

ఆ ప్రకటన వల్ల ఆట మారిపోలేదు. మాంచెస్టర్ సిటీతో ఆడిన రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. కానీ 2020 జనవరి 11న అదే లెస్టర్ సొంత మైదానానికి వెళ్లి 2–1తో గెలిచారు. ఆ సీజన్‌ను పదకొండో స్థానంలో ముగించారు. ఆ తర్వాత 2021 ఫిబ్రవరి 2న మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో మళ్లీ 0–9తో ఓడారు. మర్యాదగా రాసిన మాట పట్టికలో పాయింట్లు తెచ్చిపెట్టదు. అది చేసే పని వేరు: వాన్లో తడిసి ఇంటికెళ్లిన మనిషి తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ ఆ గేటు దాటి లోపలికి రావడానికి ఒక కారణం మిగులుస్తుంది.

కోట్ల పెట్టుబడితో నడిచే క్లబ్బుల సంగతి అలా ఉంచితే, ఈ పని ఇప్పుడు మన మండల కేంద్రాల్లోని కబడ్డీ జట్లకూ వచ్చింది, కాలనీ క్రికెట్ క్లబ్బులకూ వచ్చింది. మ్యాచ్ ముగిసిన అరగంటలో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఫలితం తిరుగుతుంది. ఆ నాలుగు వాక్యాలు రాసేది సాధారణంగా క్లబ్బులో ఫోను చేతిలో ఉన్న కుర్రాడు. ఎలా రాయాలో అతనికి ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ ఆ నాలుగు వాక్యాల గురించే మాట్లాడుకుందాం.

ఎవరు చదువుతారని రాయాలి?

ఫలితం పోస్టు రాసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: దీన్ని చదివేవాళ్లలో ఎవరి మనసు ఎక్కువ నొచ్చి ఉంది?

ఓడిన రోజు ఆ మనిషి మన అభిమాని. పొలం పనో దుకాణమో వదిలి, పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని వచ్చి, రెండు గంటలు అరిచి, గొంతు పోగొట్టుకుని వెనక్కి వెళ్లిన మనిషి. ఆట మొత్తం తన కళ్లతో చూశాడు కాబట్టి అతన్ని నమ్మించలేం. ఎక్కడ పోయిందో అతనికి తెలుసు. మనం కూడా అదే చూశామని ఒప్పుకుంటే చాలు, సగం కోపం తగ్గుతుంది.

గెలిచిన రోజు ఆ మనిషి అవతలి జట్టు అభిమాని. మనవాళ్లు ఎలాగూ సంతోషంగానే ఉంటారు, వాళ్లను ఇంకా ఎగదోయాల్సిన పని లేదు. పెద్ద నగరాల్లో అవతలి అభిమాని ఎక్కడో ఉంటాడు, ముఖం తెలియదు. మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో అలా కాదు. అవతలి ఊరి జట్టులో మన మేనల్లుడు ఉంటాడు. వాళ్ల కెప్టెన్ మన చెల్లెలి మరిది అవుతాడు. సంక్రాంతి పోటీల్లో వాళ్లను ఓడించిన మరునాడే వాళ్లింటికి పండగ భోజనానికి వెళ్లాల్సి ఉంటుంది. రాసింది అక్కడ అందరి ఫోన్లలోనూ ఉంటుంది.

కాబట్టి ఓడిన రోజు పోస్టు మైదానానికి వచ్చినవాళ్ల కోసం, గెలిచిన రోజు పోస్టు ఓడినవాళ్ల కోసం. ఈ ఒక్కటి గుర్తుంటే ఏ మాట ఉంచాలో, ఏ మాట తీసెయ్యాలో చాలావరకు అదే చెబుతుంది.

ఒక ఓటమి, రెండు పోస్టులు

మాటల్లో చెప్పడం కంటే ఒక మ్యాచ్ తీసుకుని రాసి చూద్దాం. ఉదాహరణ కోసం కల్పించుకున్న కబడ్డీ మ్యాచ్ ఇది. ఆడుతున్నది మన కోర్టులో, పొరుగూరి జట్టుతో. వాన పడి ఆట నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఇరవై నిమిషాల మొదటి సగం అయ్యేసరికి మనం 17–13తో ముందున్నాం. రెండో సగంలో మన ఏడుగురూ అవుటై ఆలౌట్ అయ్యాం, వాళ్లకు అదనంగా రెండు పాయింట్లు వెళ్లాయి, ఆధిక్యం చేతులు మారింది. చివరి నిమిషానికి స్కోరు 31–32. ఒక్క పాయింట్ వెనక ఉన్నాం. అంతకుముందు రెండు కూతలు ఖాళీగా వచ్చాయి కాబట్టి ఇప్పుడు వెళ్లే కూతలో పాయింట్ తేకపోతే మనవాడు అవుటే. అవతల కోర్టులో ముగ్గురే ఉన్నారు. మనవాడు వెళ్లాడు, ముగ్గురూ కలిసి పట్టేశారు. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి పట్టుకుంటే అది సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. 31–34. విజిల్ మోగింది.

ఆ రాత్రి మామూలుగా వచ్చే పోస్టు ఇలా ఉంటుంది:

"దురదృష్టవశాత్తూ స్వల్ప తేడాతో ఓడిపోయాం. కొన్ని నిర్ణయాలు మనకు వ్యతిరేకంగా వచ్చినా మన వీరులు ప్రాణం పెట్టి పోరాడారు. చివరి కూతలో జరిగిన చిన్న పొరపాటే కొంప ముంచింది. ఓటమి విజయానికి తొలిమెట్టు. మళ్లీ వస్తాం, బలంగా వస్తాం!"

చదవగానే తప్పేమీ కనిపించదు. ఒక్కో వాక్యం పట్టుకుని చూస్తే సంగతి బయటపడుతుంది. మొదటి వాక్యంలో స్కోరు లేదు. ఎవరితో ఆడామో లేదు. "స్వల్ప తేడా" అని దాచినప్పుడు చదివేవాడు పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటాడు, దాచారన్న సంగతి కూడా తెలుసుకుంటాడు. "దురదృష్టవశాత్తూ" అన్న మాటతో గెలిచినవాళ్ల కష్టం మొత్తం అదృష్టం ఖాతాలోకి పోయింది. రెండో వాక్యం రిఫరీని తప్పుబడుతోంది, కానీ ఏ నిర్ణయమో చెప్పే ధైర్యం లేదు. ఏ నిర్ణయమో చెప్పని ఆరోపణకు ఎవరూ జవాబు చెప్పలేరు, అందుకే అది ఊళ్లో పెరుగుతూ పోతుంది.

అన్నిటికంటే హాని చేసేది మూడో వాక్యం. పేరు రాయలేదు గానీ చివరి కూతకు వెళ్లిందెవరో కోర్టు చుట్టూ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్లు ఉండొచ్చు. ఒక్క పాయింట్ వెనక ఉన్నప్పుడు, పట్టుకుంటే ఆట పోతుందని తెలిసీ వెళ్లినవాడు అతనే. సొంత క్లబ్బే ఊరందరి ముందు వేలెత్తి చూపితే వచ్చే మ్యాచ్‌లో అలాంటి కూతకు ఎవరు ముందుకొస్తారు? ఇక చివరి రెండు వాక్యాలు ఏ ఊరి ఏ జట్టైనా ఏ రోజైనా రాసుకోగలిగినవి. ఈ మ్యాచ్ చూసిన మనిషికి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు అదే మ్యాచ్‌ని ఇలా రాయొచ్చు:

"ఈ రోజు మ్యాచ్‌లో మనం 31, పొరుగూరు 34. సగం ఆటకు 17–13తో ముందున్నాం, రెండో సగంలో ఆలౌట్ అయ్యాక ఆ ఆధిక్యం నిలబెట్టుకోలేకపోయాం. చివరి నిమిషంలో ముగ్గురే మిగిలినా సూపర్ టాకిల్ చేసి పొరుగూరి డిఫెండర్లు మ్యాచ్ గెలిచారు. వాళ్లకు మనస్ఫూర్తిగా అభినందనలు. వాన వల్ల నలభై నిమిషాలు ఆలస్యమైనా ఆఖరి విజిల్ దాకా మనతో ఉన్న అందరికీ కృతజ్ఞతలు. కోర్టు ఆరబెట్టడానికి చేయి వేసిన యువకులకు ప్రత్యేకంగా. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ఇదే కోర్టులో మళ్లీ ఆడుతున్నాం."

ఇందులో అలంకారం ఏదీ లేదు. స్కోరు మొదటి వాక్యంలోనే, రెండు అంకెలూ ఉన్నాయి. ఎక్కడ ఆట జారిందో "మనం" అన్న మాటలో చెప్పాం, ఒకరి మీద వెయ్యలేదు. చివరి కూతను మనవాడి తప్పుగా చూడకుండా అవతలివాళ్ల పట్టుగా చూశాం. జరిగింది కూడా అదే: ముగ్గురు మిగిలినప్పుడు పట్టుకోవడం కష్టమనే ఆ పట్టుకు రెండు పాయింట్లు ఇచ్చేలా నియమం పెట్టారు. ఒకే సంఘటన మొదటి పోస్టులో కుర్రాడి నేరమైంది, రెండో పోస్టులో ఎదుటివాళ్ల నైపుణ్యమైంది. రెండోదే సత్యానికి దగ్గర, మనసుకూ దగ్గర.

కృతజ్ఞత చెప్పిన తీరు కూడా చూడండి. "అభిమానులందరికీ ధన్యవాదాలు" అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. వాన, నలభై నిమిషాలు, కోర్టు ఆరబెట్టిన చేతులు అనగానే అక్కడ ఉన్నవాడు తనను తాను గుర్తుపడతాడు. నన్ను చూశారు అనుకుంటాడు. కబడ్డీ క్లబ్బు దగ్గర సౌతాంప్టన్ ఆటగాళ్లలా ఇవ్వడానికి ఒక రోజు వేతనం ఉండదు. గుర్తుపట్టి చెప్పే కృతజ్ఞత ఇవ్వగలదు, దానికి ఖర్చు లేదు.

రిఫరీ సంగతి ఏమిటి? నిజంగానే తప్పు నిర్ణయం వచ్చి ఉంటే నోరు మూసుకోవాలా? అక్కర్లేదు. దానికి చోటు వేరే ఉంది. పోటీ నియమాల ప్రకారం, చెప్పిన గడువులోపల, కెప్టెనో మేనేజరో సంతకం పెట్టి నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అలా ఇచ్చి ఉంటే పోస్టులో ఒక్క వాక్యం చాలు: "ఒక నిర్ణయంపై నిర్వాహకులకు అభ్యంతరం రాసి ఇచ్చాం, వాళ్ల తీర్పు వచ్చాక తెలియజేస్తాం." ఇవ్వకపోతే ఆ మాట ఎత్తకూడదు. నిర్వాహకుల ముందు చెప్పలేని మాటను జనం ముందు చెప్పడం న్యాయం కాదు. ఎండలో నిలబడి విజిల్ ఊదిన మనిషి తరచూ పక్క మండలంలో పీఈటీ మాస్టారే అయి ఉంటారు.

అదే మ్యాచ్ గెలిస్తే

ఇప్పుడు అంకెలు తిరగేద్దాం. చివరి కూతలో మన ముగ్గురు డిఫెండర్లే వాళ్ల ఆటగాణ్ణి పట్టేశారు. మనం 34, వాళ్లు 31. ఊళ్లో టపాసులు. ఈ రోజు పోస్టు రాయడం తేలికనిపిస్తుంది, నిజానికి తప్పులు ఎక్కువ దొర్లేది ఈ రోజే.

"చిత్తు చేశాం", "మట్టికరిపించాం", "మన ఊరంటే ఏంటో చూపించాం", "పగ తీర్చుకున్నాం" వంటి మాటలు ముందు వేళ్లకు తగులుతాయి. ఇవన్నీ పేపర్లో ఆటల పేజీ నుంచి వచ్చినవి. అక్కడ రాసేది ఆడని మనిషి, ఏ జట్టుకూ చెందని మనిషి, కాబట్టి చదివేవాడు తేలిగ్గా తీసుకుంటాడు. అదే మాటను గెలిచిన జట్టు తన నోటితో, పొరుగూరివాళ్ల పేరు పెట్టి అన్నప్పుడు అది మ్యాచ్ వార్తగా వినిపించదు, సవాలుగా వినిపిస్తుంది. తిరిగి వాళ్ల ఊళ్లో ఆడాల్సిన రోజున ఆ మాట మనకంటే ముందే అక్కడికి చేరి కూర్చుంటుంది.

దీనికి విరుగుడు అతివినయం అనుకుంటారు చాలామంది. "అదృష్టం కలిసొచ్చింది, నిజానికి వాళ్లే బాగా ఆడారు" అని రాస్తారు. అదీ పొరపాటే. నెలల తరబడి తెల్లవారకముందే లేచి సాధన చేసిన మన పిల్లల కష్టాన్ని అది చిన్నబుచ్చుతుంది. పైగా అవతలివాళ్లకు ఓదార్పూ కాదు, అదృష్టం చేతిలో ఓడామనడం ఎవరికీ హాయిగా ఉండదు. గట్టిగా ఆడి గెలిచారని చెప్పడమే ఇద్దరికీ గౌరవం. ఇలా:

"ఈ రోజు మ్యాచ్‌లో మనం 34, పొరుగూరు 31. ఆఖరి నిమిషం దాకా ఒక్క పాయింట్ తేడాతో సాగింది. మన ముగ్గురు డిఫెండర్ల సూపర్ టాకిల్‌తో గెలుపు దక్కింది. సగం ఆట తర్వాత నాలుగు పాయింట్లు వెనక ఉండి కూడా మ్యాచ్‌ను అక్కడిదాకా తెచ్చిన పొరుగూరి జట్టుకు మా గౌరవం. వానను లెక్కచేయకుండా రెండు ట్రాక్టర్లలో వచ్చిన వాళ్ల అభిమానులకు, మన అభిమానులకు కృతజ్ఞతలు. తర్వాతి మ్యాచ్ వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు."

ఇందులో మన సంతోషం ఎక్కడా తగ్గలేదు. సూపర్ టాకిల్ మన ముగ్గురిదేనని గర్వంగా చెప్పాం. ఈసారి వాళ్ల ముగ్గురి పేర్లూ రాయొచ్చు, రాయాలి కూడా. గెలిచిన రోజు మనవాళ్ల పేర్లు, ఓడిన రోజు అవతలివాళ్ల పేర్లు రాయడం మంచి అలవాటు. అవతలివాళ్లలో మెచ్చుకున్నది కూడా ఆటలో నిజంగా కనబడినదే. "గట్టి పోటీ ఇచ్చారు" అన్న ఊతపదాన్ని ఎవరికైనా అతికించొచ్చు. సగం ఆట తర్వాత పుంజుకున్నారని చెప్పాలంటే వాళ్ల ఆట చూసి ఉండాలి. ట్రాక్టర్ల మాట చదివినప్పుడు అవతలి ఊరివాళ్లకు ఆ సాయంత్రం పూర్తిగా వృథా కాలేదనిపిస్తుంది.

తేడా భారీగా ఉన్నప్పుడు జాగ్రత్త ఇంకా పెరగాలి. 34–31 అయితే మెచ్చుకోవడం సులువు. 52–18తో గెలిచినప్పుడు అవతలివాళ్లను పొగిడితే ఎగతాళిలా వినిపిస్తుంది. అప్పుడు పొట్టిగా రాయడమే మర్యాద. స్కోరు, మనవాళ్ల ఆటలో ఒక మంచి విషయం, వచ్చి ఆడినందుకు వాళ్లకు కృతజ్ఞత, తర్వాతి మ్యాచ్. అంకెలు అప్పటికే చెప్పాల్సింది చెప్పేశాయి.

ఫోటో, సమయం, చేయి

మాటలన్నీ సరిగ్గా కుదిరినా ఫోటో మొత్తం చెడగొట్టగలదు. గెలిచిన రోజు చాలామంది పెట్టేది మనవాడు అవతలివాడి మీద కూర్చుని ఉన్న ఫోటో. ఆటలో అది మామూలు క్షణమే, కానీ కింద ముఖం నేలకు ఆనిన మనిషికి కూడా ఇల్లుంది, ఆ ఇంట్లో ఫోను ఉంది. మనవాళ్లు ఒకరినొకరు కావలించుకున్న ఫోటో అదే ఆనందాన్ని చూపిస్తుంది, ఎవరినీ నొప్పించదు. ఓడిన రోజు ఏడుస్తున్న ఆటగాడి ఫోటో పెట్టకూడదు, అతను పిల్లాడైతే అసలే వద్దు. మ్యాచ్ తర్వాత రెండు జట్లూ వరుసగా నిలబడి చేతులు కలుపుకునే ఫోటో రెండు ఫలితాలకూ సరిపోతుంది, అందుకని ప్రతి మ్యాచ్‌కీ ఒకరు గుర్తుపెట్టుకుని అది తీయాలి.

ఆటగాళ్ల మీద హాస్యం చేసే ఫోటోలతో పెద్ద క్లబ్బులే దెబ్బతిన్నాయి. 2022 మార్చిలో ఐపీఎల్ మొదలవబోతుండగా, రాజస్థాన్ రాయల్స్ తన కెప్టెన్ సంజూ శాంసన్ ఫోటోను సరదా కోసం మార్చి పెట్టింది. స్నేహితులు ఇలా చేస్తే సరే గానీ జట్టు వృత్తిపరంగా నడుచుకోవాలని శాంసన్ బాహాటంగానే అభ్యంతరం చెప్పాడు. క్లబ్బు దాన్ని తీసేసి, ఆ పని చూసే బృందాన్ని మారుస్తున్నట్టు ప్రకటించింది. అక్కడ గెలుపోటముల ప్రసక్తే లేదు, అయినా అంత నొప్పి కలిగింది. ఓడిన రాత్రి అలాంటి సరదా ఇంకెలా తగులుతుందో ఊహించుకోవచ్చు.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. ఫలితం బొమ్మలో పైన నాయకుల ఫోటోలు, పక్కన దాతల ఫోటోలు, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో స్కోరు. బహుమతి డబ్బు, టెంటు, లైట్లు ఇచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పడం న్యాయమే. దానికి పోటీ మొదలైన రోజో ముగిసిన రోజో వేరుగా ఒక పోస్టు కేటాయిస్తే వాళ్లకూ నిండుగా ఉంటుంది. మ్యాచ్ ఫలితం మాత్రం ఆడినవాళ్లదీ చూసినవాళ్లదీ.

సమయం విషయంలో ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. మ్యాచ్ ముగిసిన అయిదు నిమిషాల్లో స్కోరు ఒక్కటే పెట్టాలి: రెండు జట్ల పేర్లు, రెండు అంకెలు. గెలిచినా ఓడినా అదే వేగంతో. గెలిచిన రోజు క్షణాల్లో, ఓడిన రోజు మరునాడు మధ్యాహ్నం పెట్టే క్లబ్బు పోస్టు ఆలస్యమైందంటేనే ఊరికి ఫలితం అర్థమైపోతుంది. మిగిలిన నాలుగు వాక్యాలు మాత్రం రాత్రి భోజనాలయ్యాక రాయాలి. ఆ గంట రెండు గంటల్లో కోపం దిగుతుంది, గెలిచిన మత్తు కూడా దిగుతుంది.

రాసే చేయి ఎవరిదన్నదీ ముఖ్యమే. బెంచీ దగ్గర అందరికంటే ఎక్కువ అరిచినవాడికి ఆ రాత్రి ఫోను ఇవ్వకూడదు. స్కోరు అంకెలు జ్ఞాపకం నుంచి కాకుండా స్కోరు షీటు చూసి రాయాలి. అవతలి జట్టు పేరు వాళ్లు ఎలా రాసుకుంటారో అలాగే రాయాలి, పేరు తప్పు రాస్తే కింద ఎన్ని అభినందనలున్నా వాళ్లు ఆ తప్పునే చదువుతారు. ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే "చికిత్స తీసుకుంటున్నాడు, కుటుంబంతో మాట్లాడాం" అన్నంతవరకే రాయాలి. ఏ ఎముక, ఏ ఆసుపత్రి అన్న వివరాలు అతనివి, క్లబ్బువి కావు. చివరగా కెప్టెన్ ఒకసారి చదవాలి. రేపు అవతలి కెప్టెన్ ఎదురుపడితే ముఖం చూసి మాట్లాడాల్సింది అతనే.

వరుసగా ఓడుతుంటే

ఒక్క ఓటమి గురించి రాయడం ఒక ఎత్తు. వరుసగా ఎనిమిదో ఓటమి గురించి రాయడం మరో ఎత్తు. తెలుగువాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ప్రొ కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ 8, 9, 10 సీజన్లలో మూడుసార్లూ పట్టికలో అట్టడుగునే ఆగిపోయింది. అయినా అభిమానులు జట్టును వదల్లేదు. 2024 అక్టోబర్ 18న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో పదకొండో సీజన్ తొలి మ్యాచ్‌లో టైటాన్స్ 37–29తో బెంగళూరు బుల్స్‌ను ఓడించినప్పుడు ఆ ఆనందాన్ని సొంత ఊళ్లోనే పంచుకోగలిగారు. అలాంటి అభిమానులకు ఓటమి మీద ఓటమి వస్తున్న రోజుల్లో ఏం రాయాలి?

మొదట చేయాల్సింది "మళ్లీ వస్తాం, బలంగా వస్తాం" అన్న వాక్యాన్ని వదిలెయ్యడం. మొదటిసారి అది మాట ఇచ్చినట్టుంటుంది. మూడోసారికి అలవాటులా ఉంటుంది. ఎనిమిదోసారికి మన మీద మనకే నమ్మకం లేదన్నట్టు ఉంటుంది. దాని బదులు ఈ మ్యాచ్‌కే చెందిన ఒక నిజం వెతకాలి. కొత్తగా వచ్చిన కుర్రాడు తొలి మ్యాచ్‌లో నాలుగు కూత పాయింట్లు తెచ్చాడా? కిందటి మ్యాచ్‌లో మూడుసార్లు ఆలౌట్ అయినవాళ్లం ఈసారి ఒక్కసారే అయ్యామా? అదే రాయాలి, అంతవరకే రాయాలి. అలాంటిది నిజంగా ఏమీ లేని రోజు కూడా ఉంటుంది. ఆ రోజు స్కోరు, అవతలివాళ్లకు అభినందన, వచ్చినవాళ్లకు కృతజ్ఞత, తర్వాతి తేదీ రాసి ఆపేయాలి. లేని వెలుగు చూపించబోతే ఎనిమిది మ్యాచ్‌లూ చూసిన మనిషి దగ్గర మాట విలువ పోతుంది.

ఏదైనా మాట ఇవ్వాలనిపిస్తే, అప్పటికే నిర్ణయం జరిగిపోయినదాన్నే ఇవ్వాలి. సౌతాంప్టన్ ప్రకటన నిలబడింది అందుకే. "కష్టపడతాం" అని ఊరుకోకుండా, ఆటగాళ్లు తీసుకున్న ఒక నిర్ణయాన్ని తెలియజేశారు. చిన్న క్లబ్బు కూడా ఇలా చెప్పొచ్చు: "ఈ వారం నుంచి మంగళ, గురువారాల్లో డిఫెన్స్ సాధన సాయంత్రం ఆరింటికి కోర్టులో జరుగుతుంది, చూడాలనుకున్నవాళ్లు రావొచ్చు." మంగళవారం ఆరింటికి అక్కడ సాధన జరిగితే మాట నిలిచినట్టు, జరగకపోతే పోయినట్టు. అభిమాని స్వయంగా వచ్చి సరిచూసుకోగలిగిన మాట కంటే గట్టి మాట క్లబ్బు ఇవ్వలేదు.

పోస్టు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి లైకుల లెక్క పనికిరాదు, గెలిచిన రోజు గొప్పలకే లైకులు ఎక్కువ పడతాయి. చూడాల్సినవి వేరే రెండున్నాయి. గెలిచిన రోజు మనం రాసిందాన్ని ఓడిన జట్టువాళ్లు తమ గ్రూపులో తామే పంచుకున్నారా? ఓడిన మరునాడు టీకొట్టు దగ్గర మనవాళ్లు వచ్చే ఆదివారం మ్యాచ్ ఎన్నింటికని అడిగారా? ఈ రెండూ జరుగుతున్న క్లబ్బుకు వచ్చే ఏడాది పోటీలకు పిలుపు తప్పకుండా వస్తుంది, పిల్లల్ని ఆటకు పంపే తల్లిదండ్రులూ దొరుకుతారు. సీజన్ పొడవునా మ్యాచ్ తర్వాత మ్యాచ్, గెలిచినా ఓడినా ఒకే కొలతతో రాస్తూ పోతేనే ఆ నమ్మకం కుదురుతుంది.